ఆట ఎప్పుడు ముగుస్తుంది, పందెం ఎప్పుడు ముగుస్తుంది: మూడేళ్లు స్లిప్పులు చదివాక నా సమీక్ష

నేను కెనడాలో, టొరంటో దగ్గర ఉంటాను. ఒంటారియోలో 2022 ఏప్రిల్‌లో ప్రైవేటు బెట్టింగ్ యాప్‌లకు లైసెన్సులు ఇచ్చారు. ఆ ఏడాది చివర్లో ఒక యాప్‌లో ఖాతా తెరిచాను, ఇప్పటికీ అదే వాడుతున్నాను. పేరు చెప్పను, ఎందుకంటే నేను చెప్పబోయే తికమక ఆ ఒక్క యాప్‌ది కాదు. ఒక్కో పందెం పది, ఇరవై డాలర్లు మించదు. ఊళ్లో ఉన్న మా తమ్ముళ్లు అడుగుతుంటారు కానీ ఆంధ్రలో, తెలంగాణలో ఆన్‌లైన్ పందెం చట్టవిరుద్ధం. వాళ్లకు ఆట గురించి చెప్తాను తప్ప యాప్ గురించి చెప్పను.

ఈ మూడేళ్లలో యాప్ నా పందేన్ని తప్పుగా సెటిల్ చేసింది అని గట్టిగా చెప్పగలిగింది ఒక్కటీ లేదు. కానీ నేను స్లిప్పును, అంటే యాప్‌లో పందెం వివరాలు చూపించే చీటీని, తప్పుగా చదివినవి మాత్రం పది దాకా ఉంటాయి. దాదాపు అన్నిటిలోనూ సమస్య ఒక్కటే: మామూలు సమయం సమంగా ముగిస్తే ఆడే ఓవర్‌టైమ్ లెక్కలోకి వస్తుందా, రాదా.

2025 ఫిబ్రవరి 20 రాత్రి సంగతి చెప్తాను. బోస్టన్‌లో కెనడా, అమెరికా మధ్య ఐస్ హాకీ ఫోర్ నేషన్స్ ఫైనల్. మిత్రుడి ఇంటి బేస్‌మెంట్‌లో పది మందిమి కూర్చున్నాం. నా స్లిప్పులో కెనడా మీద 20 డాలర్లు, రేటు 2.60. పక్కన కూర్చున్న మిత్రుడిదీ కెనడానే, కానీ అతని రేటు 2.00. "నీకు మంచి రేటు దొరికింది బావా" అన్నాడు. నేనూ అదే అనుకున్నాను. మూడు పీరియడ్లు అయ్యేసరికి స్కోరు 2-2. ఓవర్‌టైమ్‌లో ఎనిమిది నిమిషాలు దాటాక కానర్ మెక్‌డేవిడ్ గోల్ కొట్టాడు. కెనడా గెలిచింది, బేస్‌మెంట్ అంతా అరుపులు. మిత్రుడి ఖాతాలో 40 డాలర్లు పడ్డాయి. నా స్లిప్పు మీద ఎర్ర అక్షరాల్లో ఓడినట్టు వచ్చింది.

స్లిప్పు మళ్లీ తెరిచి చూశాను. పెద్ద అక్షరాల్లో జట్టు పేరు, దాని కింద సన్నగా, బూడిద రంగులో `Regulation Time 3-Way` అని ఉంది. అంటే 60 నిమిషాల ఆట మీదే పందెం. ఆ 60 నిమిషాలు ముగిసేసరికి స్కోరు సమం కాబట్టి ఆ మార్కెట్‌లో, అంటే ఆ రకం పందెంలో, గెలిచింది డ్రా. మిత్రుడిది `Moneyline`, అంటే చివరికి ఎవరు గెలుస్తారన్న పందెం. హాకీలో అందులో ఓవర్‌టైమ్, షూటౌట్ రెండూ కలుస్తాయి.

ఆ రాత్రి కోపంతో పడుకున్నా, పొద్దున లెక్క వేస్తే విషయం తేటపడింది. ఒకటిని రేటుతో భాగిస్తే అవకాశం వస్తుంది: 2.00 రేటంటే యాప్ కమీషన్ పక్కన పెడితే సుమారు 50 శాతం అవకాశం. 2.60 అంటే సుమారు 38 శాతం. ఆ తేడా, 12 శాతం, ఎక్కడికి పోయింది? ఆట సమమై, ఆ తర్వాత కెనడా గెలిచే అవకాశం అది. మొత్తం డ్రా అవకాశం ఇరవై నాలుగు శాతం దాకా ఉందనుకుంటే అందులో సగం కెనడాది, సగం అమెరికాది. నాకు దొరికింది మంచి రేటు కాదన్నమాట. ఓవర్‌టైమ్‌ను అమ్మేసుకుని, దాని బదులు కాస్త ఎక్కువ రేటు తీసుకున్నాను, అమ్ముతున్నానని తెలియకుండానే. ఇప్పుడు ఒకే జట్టుకు రెండు రేట్లు కనిపిస్తే, పెద్దదాన్ని చూసి సంబరపడను. ముందు ఏ మార్కెట్టో చూస్తాను.

దాంతో నాకో చిట్కా అబ్బింది: ఎంపికలు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టడం. గెలుపు, డ్రా, గెలుపు అని మూడు ఉంటే మామూలు సమయం మీదే పందెం. ఎందుకంటే ఓవర్‌టైమ్ కలిపితే హాకీలో, బాస్కెట్‌బాల్‌లో డ్రా అనేదే మిగలదు. రెండే ఉంటే ఎవరో ఒకరు గెలిచేదాకా లెక్క సాగుతుంది. హాకీలో గెలుపు మార్కెట్లకు ఇది ఇప్పటిదాకా నన్ను మోసం చెయ్యలేదు.

ఫుట్‌బాల్‌కు వచ్చేసరికే ఈ చిట్కా సగం పని చేస్తుంది. అక్కడ మూడు ఎంపికలున్నది 90 నిమిషాలకే, అది సరే. కానీ గోల్స్ మొత్తం ఎక్కువా తక్కువా అనేదానికి రెండే ఎంపికలు ఉంటాయి, అయినా అది కూడా 90 నిమిషాలకే. 2022 ప్రపంచ కప్ ఫైనల్ గుర్తుంది కదా, ఖతార్‌లో డిసెంబర్ 18న. 90 నిమిషాలకు అర్జెంటీనా 2, ఫ్రాన్స్ 2. అదనపు సమయం తర్వాత 3-3. పెనాల్టీల్లో అర్జెంటీనా 4-2. ఆ ఒక్క మ్యాచ్‌ను స్లిప్పుల మీద పెట్టి చూస్తే ఎన్ని రకాలుగా తప్పు చదవొచ్చో తెలుస్తుంది.

అర్జెంటీనా గెలుస్తుందని `Match Result` మీద వేసినవాళ్లు ఓడిపోయారు, అక్కడ ఫలితం డ్రా. `To Lift the Trophy` మీద వేసినవాళ్లు గెలిచారు. మొత్తం 4.5 కంటే ఎక్కువ గోల్స్ అని వేసినవాళ్లు టీవీలో ఆరు గోల్స్ చూసి కూడా ఓడిపోయారు, ఎందుకంటే లెక్కలోకి వచ్చినవి నాలుగే. ఎంబాపె హ్యాట్రిక్ కొట్టాడు, చరిత్రలో అది నిలిచిపోతుంది. కానీ అతని గోల్స్ 80, 81, 118 నిమిషాల్లో వచ్చాయి. 90 నిమిషాల హ్యాట్రిక్ మార్కెట్‌లో మూడోది లెక్కలోకి రాదు. ఇంకోటి మరీ చిత్రం. అదనపు సమయానికి విడిగా లైవ్ మార్కెట్ తెరుస్తారు, అందులో స్కోరు 0-0తో మొదలవుతుంది. ఆ అరగంటలో మెస్సీ ఒకటి, ఎంబాపె ఒకటి కొట్టారు కాబట్టి అదీ డ్రానే. అంటే ప్రపంచ కప్ గెలిచిన అర్జెంటీనా, 90 నిమిషాల మార్కెట్‌లోనూ గెలవలేదు, అదనపు సమయం మార్కెట్‌లోనూ గెలవలేదు.

90 నిమిషాలు అన్నప్పుడు ఇంజురీ టైమ్ కలుస్తుంది, ఇది చాలామందికి ఎదురు వైపు నుంచి తడబాటు. 90+6లో పడిన గోల్ లెక్కలోకి వస్తుంది. గడియారం 90 దాటింది కదా, ఇక నా పందెం భద్రం అనుకుని ఒకసారి నేను పడుకున్నాను. పొద్దున లేచి చూస్తే పోయింది.

మెక్‌డేవిడ్, ఎంబాపె ఇద్దరి గోల్స్ పక్కపక్కన పెడితే అసలు తేడా అర్థమవుతుంది. ఫోర్ నేషన్స్ ఫైనల్లో మెక్‌డేవిడ్ గోల్ కొడతాడన్న స్లిప్పుకు మా యాప్ డబ్బు ఇచ్చింది, హాకీలో ఆటగాళ్ల మార్కెట్లకు ఓవర్‌టైమ్ కలుస్తుంది కాబట్టి. ఫుట్‌బాల్‌లో ఆటగాడి మార్కెట్ 90 నిమిషాలకే ఆగిపోతుంది. రెండూ మామూలు సమయం దాటాక పడిన గోల్సే, ఆట మారితే లెక్క మారుతుంది.

హాకీలో షూటౌట్ మాత్రం వేరే కథ. ఎన్‌హెచ్‌ఎల్ లీగ్ దశలో ఐదు నిమిషాల ఓవర్‌టైమ్ తర్వాత కూడా సమంగా ఉంటే షూటౌట్ ఆడతారు. అందులో ఎన్ని గోల్స్ పడినా గెలిచిన జట్టు స్కోరుకు ఒక్కటే కలుపుతారు. 3-3 మీద షూటౌట్‌కు వెళ్తే ఫలితం 4-3. కాబట్టి ఓవర్‌టైమ్ కలిపిన మొత్తం గోల్స్ 6.5 మార్కెట్‌లో ఎక్కువ మీద వేసినవాళ్లు 3-3 దగ్గరే గెలిచినట్టు, ఏడో గోల్ ఎలాగూ వచ్చి తీరుతుంది. కానీ షూటౌట్‌లో కొట్టినవాడి ఖాతాలో ఆ గోల్ పడదు. ఓ శనివారం నేను గోల్ కొడతాడని వేసిన ఆటగాడు షూటౌట్‌లో గెలిపించే గోల్ కొట్టి చేతులు పైకెత్తి తిరుగుతున్నాడు, నా స్లిప్పు ఓడిపోయి ఉంది. ప్లేఆఫ్స్‌లో ఈ బాధ లేదు. అక్కడ షూటౌట్ ఉండదు, ఎవరో ఒకరు గోల్ కొట్టేదాకా ఇరవై నిమిషాల పీరియడ్లు ఆడుతూనే ఉంటారు.

బాస్కెట్‌బాల్ ఈ మూడింటిలో సులువైనది అనుకునేవాణ్ణి. గెలుపు, పాయింట్ల తేడా మీద వేసే హ్యాండికాప్, మొత్తం పాయింట్లు, అన్నిటికీ ఓవర్‌టైమ్ కలుస్తుంది. దాని ప్రభావం ఎంతో చూడాలంటే 2019 మే 19న ఎన్‌బీఏ ప్లేఆఫ్స్‌లో టొరంటో రాప్టర్స్, మిల్వాకీ బక్స్ ఆడిన సిరీస్ మూడో మ్యాచ్ చాలు. అప్పటికి నేను పందేలు వేయడం లేదు, ఆట మాత్రం చూశాను. 48 నిమిషాలకు 96-96, అంటే 192 పాయింట్లు. రెండు ఓవర్‌టైమ్‌ల తర్వాత రాప్టర్స్ 118-112తో గెలిచింది, మొత్తం 230. ఇలాంటి ఆటలో 210 కంటే తక్కువ అని వేసినవాడు 48 నిమిషాలు గెలుస్తూ ఉండి, చివర్లో ఓడతాడు.

నేను పడిన గోతి వేరే. ఒక ఆటలో రెండో సగం మొత్తం 112.5 కంటే తక్కువ అని వేశాను. మామూలు సమయం ముగిసేసరికి 108-108. మొదటి సగంలో 110 పడ్డాయి కాబట్టి రెండో సగానివి 106. గెలిచానని ఫోన్ పక్కన పెట్టాను. ఓవర్‌టైమ్‌లో ఇంకో 18 పడ్డాయి, స్లిప్పులో 124 అని వచ్చింది. మా యాప్‌లో రెండో సగానికి ఓవర్‌టైమ్ కలుస్తుంది, నాలుగో క్వార్టర్‌కు కలవదు. కస్టమర్ చాట్‌లో అడిగితే మర్యాదగా నిబంధనలోని ఆ పేరా పంపారు. తప్పు నాదే, కానీ "రెండో సగం" అన్న మాట విన్న ఏ మనిషికైనా 24 నిమిషాలే గుర్తొస్తాయి కదా. అన్ని యాప్‌లలోనూ ఇలాగే ఉంటుందని అనుకోకండి, దీని మీద నిబంధనలు ఒక్కో చోట ఒక్కోలా ఉంటాయి. హాకీలో మూడో పీరియడ్ అంటే మాత్రం మూడో పీరియడే.

ఇక యాప్ సంగతి. సెటిల్‌మెంట్ వేగంగా ఉంటుంది, చాలాసార్లు ఆట ముగిసిన నిమిషాల్లోనే డబ్బు పడుతుంది. మామూలు సమయం మార్కెట్లయితే ఓవర్‌టైమ్ నడుస్తుండగానే తేలిపోతాయి. నిజానికి అదో మంచి సూచన: ఆట ఇంకా సాగుతుండగా స్లిప్పు రంగు మారితే, మీరు వేసింది మామూలు సమయం మీద. కాకపోతే అప్పటికి తెలిసి చేసేదేం లేదు. నిబంధనల పేజీ వెతికితే దొరుకుతుంది, ఆటల వారీగా స్పష్టంగానే రాశారు.

లోపం స్లిప్పు రూపంలో ఉంది. ఏ జట్టు అన్నది పెద్దగా, ఎంత సమయం అన్నది సన్నగా చూపిస్తారు. ఒక్కో పందెం విడిగా ఉంటే నయమే. నాలుగైదు కలిపి పార్లే వేస్తే ఆ సన్న అక్షరాలు సగంలో తెగిపోయి చుక్కలు కనిపిస్తాయి. ఒకసారి నేను వేసిన నాలుగు ముక్కల పార్లేలో హాకీ ముక్క `Regulation T…` దగ్గర ఆగింది. దాన్ని నొక్కితే పూర్తి పేరు వస్తుంది, కానీ పందెం ఖాయం చేశాకే. ఖాయం చేసే ముందు నొక్కితే ఆ ముక్క తొలగిపోతుంది. దీని గురించి రెండుసార్లు రాశాను. మొదటిసారి ధన్యవాదాలు చెప్పారు. రెండోసారికి అక్షరాల సైజు కొంచెం పెంచారు, దాంతో పేరు ఇంకా ముందే తెగుతోంది.