ఎన్‌ఎఫ్‌హెచ్‌ఎస్ డేటాతో రిగ్రెషన్: వెయిట్స్ పెట్టాలా, తీసెయ్యాలా, ఏది మేలు?

తెలంగాణలో ఎంత శాతం ఆడవాళ్లకి రక్తహీనత ఉంది అని చెప్పాలంటే వెయిట్స్ పెట్టాల్సిందే, దాంట్లో చర్చే లేదు. గొడవంతా రిగ్రెషన్ దగ్గరే మొదలవుతుంది, ఎందుకంటే అక్కడ మనం అడిగే ప్రశ్న వేరు: చదువు ఒక్కో ఏడాది పెరిగితే హిమోగ్లోబిన్ ఎంత మారుతోంది అని.

అసలీ వెయిట్స్ ఎందుకొచ్చాయో చూద్దాం. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత, అంటే ఎన్‌ఎఫ్‌హెచ్‌ఎస్-5లో, ప్రతి జిల్లాకీ విడిగా అంచనాలు కావాలి కాబట్టి జిల్లా పెద్దదైనా చిన్నదైనా శాంపిల్ మాత్రం కాస్త అటూ ఇటూగా ఒకే సైజులో తీస్తారు. 2011 లెక్కల్లో హైదరాబాద్ జనాభా దాదాపు 39 లక్షలు, ఆసిఫాబాద్ జిల్లాది 5 లక్షల చిల్లర. అంటే శాంపిల్లో ఉన్న ఒక హైదరాబాద్ మహిళ, ఒక ఆసిఫాబాద్ మహిళ కంటే దాదాపు ఎనిమిది రెట్ల మందికి ప్రతినిధి అన్నమాట. ఫైల్లో ఉండే `v005` చెప్పేది ఇదే (దాన్ని 10 లక్షలతో భాగించి వాడాలి).

ఇప్పుడు ఈ రెండు జిల్లాలే ఉన్నాయనుకోండి, ఒక్కోదాంట్లో వెయ్యి మంది. చదువు ప్రభావం రెండు చోట్లా ఒకటే అయ్యి, జిల్లా డమ్మీ మోడల్లో ఉంటే, వెయిట్ పెట్టినా తీసేసినా వచ్చే స్లోప్ సగటున ఒకటే. కానీ పెడితే నష్టం ఉంది, 39కి 5 తేడా ఉన్న వెయిట్స్ వల్ల 2000 మంది శాంపిల్ సుమారు 1250 మందిదానిలా పనిచేస్తుంది, స్టాండర్డ్ ఎర్రర్ ఊరికే పెరుగుతుంది. అంటే సర్వే వాళ్లు కష్టపడి తెచ్చిన ఆసిఫాబాద్ డేటాని మనమే పక్కన పడేస్తున్నట్టు. ఇలాంటప్పుడు నా ఓటు వెయిట్ లేకుండానే.

ప్రభావం ఒకటి కాకపోతే? ఉదాహరణకి హైదరాబాద్‌లో 0.02, ఆసిఫాబాద్‌లో 0.06 అనుకుందాం (ఊహించిన అంకెలే). చదువులో హెచ్చుతగ్గులు రెండు చోట్లా ఒకేలా ఉంటే వెయిట్ లేకుండా 0.04 వస్తుంది, పెడితే 0.025 దగ్గర వస్తుంది. చాలామంది ఇక్కడ ఆగి రెండో అంకె జనాభాని ప్రతిబింబిస్తుంది కాబట్టి అదే కరెక్ట్ అంటారు, నాకది సగం నిజమే అనిపిస్తుంది. ఆసిఫాబాద్‌లో మూడు రెట్లు ప్రభావం ఉందన్న అసలు విషయం రెండు అంకెల్లోనూ కనపడట్లేదు కదా. చదువుకీ జిల్లాకీ ఇంటరాక్షన్ పెట్టి రెండు స్లోపులూ విడివిడిగా చూపించి, రాష్ట్రం మొత్తానికి ఒకే అంకె కావాలంటే అప్పుడు జనాభా ప్రకారం సగటు తియ్యడం మేలు.

మరి తేడా ఉందో లేదో ఎలా తెలుస్తుంది? రెండు రకాలుగా రన్ చేసి కళ్లతో పోల్చడం కంటే 1983లో డ్యూమౌషెల్, డంకన్ ఇచ్చిన టెస్ట్ నయం. వెయిట్‌నీ, వెయిట్‌తో ప్రతి వేరియబుల్ ఇంటరాక్షన్‌నీ మామూలు మోడల్లో కలిపి, అవన్నీ ఒకేసారి సున్నా అనుకోవచ్చా అని చూడటమే.

```r
library(survey)
d$w <- d$v005 / 1e6
u <- svydesign(ids = ~v021, strata = ~v023,
               weights = ~1, data = d, nest = TRUE)
m <- svyglm(hb ~ edu + urban + w + edu:w + urban:w, design = u)
regTermTest(m, ~ w + edu:w + urban:w)
```

ఇందులో `hb` అంటే `v456`ని 10తో భాగించింది, 112 అని ఉంటే 11.2 గ్రాములు, 990 పైన ఉన్న మిస్సింగ్ కోడ్లు ముందే తీసెయ్యండి. పి-వాల్యూ చిన్నగా వస్తే వెయిట్ పెట్టి చేతులు దులుపుకోకండి, మోడల్లో ఏదో తగ్గిందని అర్థం, జిల్లా పెట్టారా, ఇంటరాక్షన్ మర్చిపోయారా, చదువు ప్రభావం సరళరేఖలో లేదా అని వెతకండి. పెద్దగా వస్తే మాత్రం కొంచెం జాగ్రత్త, శాంపిల్ చిన్నదైతే తేడా ఉన్నా ఈ టెస్ట్ పట్టుకోలేదు.

వెయిట్ తప్పించుకోలేని సందర్భం ఒకటుంది, ఎవరిని శాంపిల్లోకి తీసుకున్నారన్నది ఫలితం మీదే ఆధారపడితే. రక్తహీనత ఉన్నవాళ్లనే కావాలని ఎక్కువ మందిని తీసుకున్న స్టడీలో హిమోగ్లోబిన్ మీద రిగ్రెషన్ వేస్తే ఎన్ని వేరియబుల్స్ కలిపినా స్లోప్ వంకరగానే వస్తుంది. (రక్తహీనత ఉందా లేదా అనే దాన్నిబట్టే తీసుకుని అదే లాజిట్‌లో పెడితే, మోడల్ సరైనదైనప్పుడు ఇంటర్‌సెప్ట్ ఒక్కటే చెడుతుంది, అది వేరే కథ.) ఎన్‌ఎఫ్‌హెచ్‌ఎస్ అలా తీసింది కాదు, కానీ రక్తపరీక్షకి ఒప్పుకోనివాళ్ల సమస్య అందులోనూ ఉంటుంది, దాన్ని `v005` సరిచెయ్యదు.

ఇంకోటి, వెయిట్ తీసేశాం కదా అని క్లస్టర్‌ని కూడా తీసేసేవాళ్లున్నారు. ఒకే ఊళ్లో పాతికమంది దాకా ఆడవాళ్లని అడిగినప్పుడు వాళ్లు ఒకరితో ఒకరికి సంబంధం లేనట్టు లెక్కేస్తే స్టాండర్డ్ ఎర్రర్ అబద్ధం చెబుతుంది, అందుకే పై కోడ్‌లో వెయిట్ 1 అయినా `v021` అలాగే ఉంది. వెయిట్ పెట్టేవాళ్లు కూడా `lm(weights = )` వాడొద్దు, అది వెయిట్‌ని వేరియన్స్‌కి సంబంధించిన అంకెలా తీసుకుంటుంది, స్లోప్ సరిగ్గానే ఇచ్చి స్టాండర్డ్ ఎర్రర్ తప్పుగా ఇస్తుంది, చూడ్డానికేమో అంతా బాగానే ఉంటుంది.