జాగ్రత్త: నిలువు వరసల్లో ఉన్న షీట్‌ను అడ్డ వరసలుగా మార్చే టెంప్లేట్ కొనేముందు ఇది చదవండి

అందరికీ నమస్కారం. ఎక్సెల్ షీట్‌ను "ఒక్క బటన్‌తో" తిరగేసి ఇస్తామని అమ్మే మ్యాక్రో ఫైలు ఒకటి 1,499 రూపాయలు పెట్టి కొన్నాను. అమ్మినవాళ్ల పేరు రాయను. నాకు జరిగింది చెబుతాను, అలాంటిది ఎవరి దగ్గర కొంటున్నా పనికొస్తుంది.

నేను ఒంగోలు దగ్గర ఒక పాల కేంద్రంలో లెక్కలు చూస్తాను. 212 మంది రైతులు పాలు పోస్తారు, 15 రోజులకోసారి బిల్లు. నాకంటే ముందున్నాయన ఈ షీట్‌ను పాత లెడ్జర్ పుస్తకంలాగే కట్టారు. A కాలమ్‌లో పైనుంచి కిందికి శీర్షికలు: కోడ్, పేరు, ఊరు, ఖాతా నంబరు, ఐఎఫ్ఎస్‌సీ, మొబైల్, లీటర్లు, రేటు, మొత్తం. ఆ తర్వాత ఒక్కో రైతుకు ఒక్కో నిలువు కాలమ్. B నుంచి మొదలై HE దాకా పోయింది. కొత్త రైతు చేరితే షీట్ ఇంకాస్త కుడివైపుకు సాగుతుంది. పేరు వెతకాలంటే వేలు నొప్పి పుట్టేదాకా పక్కకు జరపాలి, అయినా ఇన్నేళ్లు ఎలాగోలా నడిచింది.

ఈసారి బ్యాంకువాళ్లు ఒకేసారి అందరికీ డబ్బు పంపే ఫైలు అడిగారు. అందులో ఒక రైతుకు ఒక అడ్డ వరస ఉండాలి. సాయంత్రంలోపు కావాలన్న టెన్షన్‌లో ఆన్‌లైన్‌లో వెతికి ఆ టెంప్లేట్ కొనేశాను. డెమో వీడియోలో ఐదుగురి పేర్లు, ఐదు చిన్న నంబర్లు పెట్టి బటన్ నొక్కితే చక్కగా తిరిగిపోయాయి. అక్కడే మోసపోయాను. ఆ డెమోలో ఖాళీ గడి ఒక్కటీ లేదు, పొడవాటి నంబరూ లేదు.

మొదటిసారి బటన్ నొక్కాక 212 వరసలు వచ్చాయి. బాగుందనుకుని "మొత్తం" కాలమ్ కూడితే 11,06,410 వచ్చింది. పాత షీట్‌లో ఉన్నది 11,84,620. తేడా 78,210 రూపాయలు. ఎక్కడ పోయిందా అని చూస్తే, మొబైల్ నంబరు రాయని రైతులు 14 మంది ఉన్నారు. ఆ మ్యాక్రో ఖాళీ గడిని వదిలేసి తర్వాతి విలువను దాని స్థానంలోకి జరుపుతోంది. దాంతో ఆ 14 వరసల్లో మొబైల్ ఉండాల్సిన చోట లీటర్లు, లీటర్ల చోట రేటు, రేటు చోట బిల్లు మొత్తం కూర్చున్నాయి. చివరి గడి ఖాళీ.

అమ్మినాయనకు ఫోన్ చేస్తే మర్యాదగానే మాట్లాడారు. "అయ్యో అలాగా అండీ, కొత్త వెర్షన్ పంపిస్తా" అన్నారు. గంటలో పంపారు కూడా. ఈసారి ఖాళీ గడుల్లో సున్నాలు పెట్టారు. మొత్తం కూడితే 11,84,620, పైసా తేడా లేదు. "చూశారా, టాలీ అయింది" అన్నారాయన. నేనూ సంతోషించాను. అసలు ప్రమాదం ఈ రెండో ఫైల్లోనే ఉంది.

బ్యాంకుకు పంపేముందు ఊరికే కిందికి జరుపుతుంటే మా పెదనాన్న పేరు కనిపించింది. ఆయన ఖాతా నంబరు నాకు కంఠతా, చివరి అంకె 7. ఇక్కడ 0 ఉంది. పక్క వరస చూశాను, అక్కడా 0. ఇంకోటి, 0. మా దగ్గర 16 అంకెల ఖాతాలున్నవాళ్లు 61 మంది. 61 మందివీ సున్నాతోనే ముగిశాయి. వాటిలో నిజంగా సున్నా ఉన్నవి ఆరు, మిగతా 55 తప్పు. ఇది కాక మొదట సున్నాతో మొదలయ్యే ఖాతాలు 17 ఉంటే, వాటికి ఆ ముందు సున్నా ఎగిరిపోయింది. 11 అంకెల ఖాతాలు మాత్రం భేషుగ్గా ఉన్నాయి. అందుకే పైపైన చూస్తే ఏమీ తెలియలేదు.

ఇలా ఎందుకవుతుందంటే, ఎక్సెల్ ఒక సంఖ్యలో 15 అంకెల వరకే గుర్తుపెట్టుకుంటుంది. పదహారో అంకె సున్నా అయిపోతుంది. అందుకే ఖాతా నంబర్లను సంఖ్యగా కాక టెక్స్ట్‌గా ఉంచుతాం. మా పాత షీట్‌లో అవి టెక్స్ట్‌గానే ఉన్నాయి. ఈ మ్యాక్రో వాటిని ఒక్కొక్కటే తీసి, ఏ ఫార్మాటూ పెట్టని మామూలు గడిలో రాస్తోంది. అలా రాస్తే కీబోర్డుతో టైపు చేసినట్టే ఎక్సెల్ దాన్ని సంఖ్యగా మార్చేస్తుంది. నమ్మకపోతే ఖాళీ షీట్‌లో ఈ ఒక్క లైను నడిపి చూడండి (నంబరు ఊరికే అల్లింది):

```
Range("D2").Value = "3120456789012347"
```

గడిలో `3.12046E+15` అని కనిపిస్తుంది. దాన్నే దశాంశాలు లేని సంఖ్య ఫార్మాట్‌లోకి మార్చితే `3120456789012340` అవుతుంది, 7 పోయింది. తర్వాత టెక్స్ట్ ఫార్మాట్‌లోకి మార్చినా ఆ 7 తిరిగి రాదు. ఆ అమ్మినాయన తెలివి ఏమిటంటే, మ్యాక్రో చివర ఆ కాలమ్‌కు సంఖ్య ఫార్మాట్ పెట్టారు. దాంతో E+15 కనబడక, పదహారు అంకెలూ నిండుగా ఉన్నట్టే అనిపిస్తుంది. E+15 కనిపించి ఉంటే నాకు అప్పుడే అనుమానం వచ్చేది. రాసేముందు ఆ గడిని టెక్స్ట్‌గా మార్చి ఉంటే ఈ గొడవే ఉండదు, ఒక్క లైను పని.

ఇది పంపించి ఉంటే ఏమయ్యేదో తలచుకుంటే ఇప్పటికీ గుండె దడ. నెఫ్ట్‌లో డబ్బు పడేది ఖాతా నంబరును బట్టే, పేరు కలవలేదని ఆపరు. ఆ నంబరుతో ఖాతా లేకపోతే తిరిగొస్తుంది, ఉంటే ఎవరికో పడిపోతుంది. తర్వాత వాళ్లను బతిమాలుకోవాలి.

రెండోసారి ఫోన్ చేస్తే మాట మారింది. "అది ఎక్సెల్ లిమిట్ అండీ, మాదేం కాదు" అన్నారు. సగం నిజమే, 15 అంకెల హద్దు ఎక్సెల్‌దే. కానీ దాన్ని దాటించే దారి తెలియనివాళ్లు డబ్బు తీసుకోకూడదు. తర్వాత "ఫైలు వాట్సాప్‌లో పంపండి, నేనే చేసిస్తా" అన్నారు. 212 మంది రైతుల పేర్లు, ఖాతాలు, ఫోన్ నంబర్లు ముక్కూమొహం తెలియనివాళ్లకు పంపడమేమిటి? పంపలేదు. మీరూ పంపకండి.

ఇక అసలు సిగ్గుపడే సంగతి. ఈ పని ఎక్సెల్‌లో ఉచితంగా ఐదు నిమిషాల్లో అయిపోతుంది. A1 నుంచి HE9 దాకా ఎంచుకుని Ctrl+C కొట్టండి. కట్ చేయకండి, కట్ చేస్తే ఈ సదుపాయం పనిచేయదు. కొత్త షీట్ తెరిచి A1 మీద నిలబడి Ctrl+Alt+V నొక్కితే Paste Special పెట్టె వస్తుంది. అందులో `Values and number formats` ఎంచుకుని, కింద `Transpose` దగ్గర టిక్ పెట్టి OK. అంతే. టెక్స్ట్‌గా ఉన్న ఖాతా నంబరు టెక్స్ట్‌గానే వస్తుంది, ముందు సున్నా పోదు, ఖాళీ గడి ఖాళీగానే ఉంటుంది. ఉత్త `Values` ఎంచుకుంటే, షీట్‌లో తేదీలు ఉంటే అవి ఐదంకెల సంఖ్యలుగా కనిపించి కంగారు పెడతాయి, అందుకే ఫార్మాట్లతో పాటు తెచ్చుకోవాలి. `All` ఎంచుకుంటే సూత్రాలు కూడా తిరుగుతాయి. అదే రైతు గడులను చూసే సూత్రమైతే సరిగ్గానే తిరుగుతుంది, కానీ మా రేటు వేరే షీట్‌లోని వెన్న శాతం పట్టికను చూస్తుంది. అలాంటి సూత్రాల్లో $ గుర్తులు లేకపోతే అవి ఎటో చూసే గడులుగా మారిపోతాయి.

`=TRANSPOSE(Sheet1!A1:HE9)` అనే సూత్రం కూడా ఉంది, ఇందులో Sheet1 అనేది పాత షీట్ పేరు. కానీ అది ఖాళీ గడికి 0 ఇస్తుంది. మొబైల్ కాలమ్‌లో 0 చూసి, పాత షీట్‌లో నిజంగా ఏముందో తర్వాత ఎవరూ చెప్పలేరు. పైగా పాత షీట్ తీసేస్తే ఇదీ పోతుంది.

ఒక్క షరతు. ప్రతి కాలమ్‌లోనూ గడులు ఒకే క్రమంలో ఉండాలి. ఎవరికో ఒకరికి రెండో ఖాతా రాయడానికి మధ్యలో ఒక గడి ఇరికించి ఉంటే ఆ రైతు వరస మొత్తం జరిగి వస్తుంది, ఎక్సెల్‌కు అది తెలియదు. మాకు అలాంటివి ఇద్దరివి కనిపించాయి, తిప్పేముందే చేత్తో సరిచేశాను. ఇరవై మంది చొప్పున ముక్కలుగా ఒకదాని కింద ఒకటి రాసిన షీట్ అయితే ఒక్కో ముక్కనూ విడిగా తిప్పాలి.

తిప్పాక మొత్తం కూడి సరిపోయిందని ఆగకండి, నన్ను ముంచబోయింది అదే. కొత్త షీట్‌లో ఖాతా నంబరు D కాలమ్‌లో ఉంటుంది కనుక, పక్కన ఖాళీగా ఉన్న J2లో ఇది రాసి కిందికి 213 దాకా లాగండి:

```
=EXACT(INDEX(Sheet1!$B$4:$HE$4,ROW()-1),D2)
```

పాత షీట్ నాలుగో వరసలోని నంబరునూ కొత్త షీట్‌లోని నంబరునూ అక్షరం అక్షరం పోలుస్తుంది. ఒక్క FALSE ఉన్నా పంపకండి. ఆ టెంప్లేట్ ఇచ్చిన ఫైలు మీద నడిపితే 72 వచ్చాయి: 55 చివరి అంకె పోయినవి, 17 ముందు సున్నా పోయినవి. నేను చేత్తో తిప్పిన దాంట్లో ఒక్కటీ రాలేదు.

ఇంకోటి. బ్యాంకు సీఎస్‌వీ ఫైలు అడిగితే, సేవ్ చేశాక దాన్ని డబుల్ క్లిక్ చేసి ఎక్సెల్‌లో తెరవకండి. తెరవగానే మళ్లీ అదే కథ, అలవాటుగా సేవ్ కొడితే చివరి అంకె గోవిందా. చూసుకోవాలంటే నోట్‌ప్యాడ్‌లో తెరవండి.

అయినా కొనే తీరాలనుకుంటే, డబ్బు కట్టేముందు మూడు ఉత్తుత్తి రికార్డులు వాళ్లకు పంపి తిప్పి చూపించమనండి. ఒకదాంట్లో 7తో ముగిసే 16 అంకెల నంబరు, ఒకదాంట్లో సున్నాతో మొదలయ్యే నంబరు, ఒకదాంట్లో మధ్యలో ఖాళీ గడి ఉండాలి. మా పెదనాన్నకు బిల్లు అదే రోజు పడింది. నా 1,499 గురించి మూడు మెసేజులు పెట్టాను, నీలం టిక్కులు వచ్చాయి, జవాబు రాలేదు.