డబ్బా మీది 600 చూసి యూపీఎస్ కొనకండి, వెనుక లేబుల్ మీద వాట్లు చూడండి

మా ఊళ్లో ఎండాకాలం రోజుకు నాలుగైదు సార్లు కరెంటు పోతుంది కాబట్టి, వీడియో ఎడిటింగ్ చేసుకునే నా డెస్క్‌టాప్‌కు 600 వీఏ, అంటే వోల్ట్-ఆంపియర్ల, యూపీఎస్ కొన్నాను. "600 అంటే 600 వాట్లే సార్, మీ సిస్టమ్‌కు బ్రహ్మాండంగా సరిపోతుంది" అని దుకాణదారు చెప్పిన మాట నమ్మి, డబ్బా తిప్పి కూడా చూడలేదు.

రెండు వారాలు ఏ ఇబ్బందీ లేదు. ఒక సాయంత్రం వీడియో రెండర్ అవుతుండగా కరెంటు పోయింది. యూపీఎస్ ఆగకుండా ఒకే పొడుగు కూత పెట్టి, రెండు మూడు క్షణాల్లో ఆగిపోయింది. కంప్యూటర్ కూడా దానితోపాటే ఆరిపోయి, మూడు గంటల పని పోయింది. బ్యాటరీ పాడైందేమోనని యూపీఎస్‌ను వెనక్కి తిప్పి చూస్తే, లేబుల్ మీద చిన్న అక్షరాలతో 600VA / 360W అని ఉంది.

యూపీఎస్ ఇవ్వగలిగే అసలు శక్తి ఆ రెండో అంకె. వీఏను పవర్ ఫ్యాక్టర్‌తో, అంటే వీఏలో ఎంత భాగం నిజంగా పనికొస్తుందో చెప్పే అంకెతో, గుణిస్తే వాట్లు వస్తాయి. నా యూపీఎస్‌కు ఆ ఫ్యాక్టర్ 0.6 మాత్రమే. యూపీఎస్ ఈ రెండు హద్దుల్లో దేన్నీ దాటనివ్వదు. ఇప్పటి మంచి కంప్యూటర్ పవర్ సప్లైల పవర్ ఫ్యాక్టర్ దాదాపు 1 ఉంటుంది కనుక, మనకు ముందుగా అడ్డుపడేది వాట్ల హద్దే.

తర్వాత ప్లగ్ పవర్ మీటర్ పెట్టి కొలిచాను. మానిటర్‌తో కలిపి మామూలు పనికి 140 వాట్లు, గ్రాఫిక్స్ కార్డు పూర్తిగా పనిచేసే రెండరింగ్‌లో 390 వాట్లు చూపించింది. కరెంటు ఉన్నంతసేపు ఆ భారం నేరుగా లైను మీదే నడిచింది గనుక లోపం బయటపడలేదు. కరెంటు పోగానే అదంతా యూపీఎస్ లోపలి ఇన్వర్టర్ మీద పడింది. అన్నట్టు, పవర్ సప్లై మీద ఉన్న 650 అన్న అంకె దాని సామర్థ్యమే గానీ కంప్యూటర్ వాడకం కాదు, దాన్ని లెక్కలోకి తీసుకోకండి.

కొలిచిన 390కి పావు వంతు కలుపుకుంటే సుమారు 490 వాట్లవుతుంది. అందుకని ఇప్పుడు 1100VA / 660W అని లేబుల్ ఉన్నది తెచ్చుకున్నాను. పాతదాన్ని దుకాణంలో వెనక్కి తీసుకోలేదు. డబ్బా తెరిచారనీ, ఓవర్‌లోడ్ వారంటీలోకి రాదనీ అన్నారు. కొనేముందే వెనుక లేబుల్ చూపించమని అడగండి, వాట్లు రాయని యూపీఎస్‌ను అక్కడే వదిలేయండి.

వాట్లు సరిపోయినంత మాత్రాన ఎంతసేపు నిలుస్తుందో తెలియదు, అది బ్యాటరీని బట్టి ఉంటుంది. నా పాతదాంట్లో ఉన్నది ఒకే 12 వోల్టుల 7 ఏహెచ్ బ్యాటరీ. అంటే కాగితం మీద 84 వాట్-అవర్లు, ఎక్కువ భారం మీద అంత కూడా రాదు. కాబట్టి ఇంటికి తెచ్చిన రోజే పని అంతా సేవ్ చేసి, రెండర్ నడుస్తుండగా ప్లగ్ పీకకుండా గోడ స్విచ్ ఆపి చూడండి. ప్లగ్ పీకితే ఎర్త్ కూడా తెగిపోతుంది. కొత్త యూపీఎస్‌ను నేను అలాగే మూడుసార్లు పరీక్షించాకే పాతదాన్ని రౌటర్‌కు మార్చాను.