స్టేడియం పేరు: మహనీయులకు ఇవ్వాలా, కంపెనీకి అమ్మాలా?

ప్రజల సొమ్ముతో కట్టిన స్టేడియానికి కంపెనీ పేరు పెడితే చాలామందికి చివుక్కుమంటుంది. అయినా స్టేడియం విషయంలో నా ఓటు అమ్మకానికే. విమానాశ్రయం, వంతెన అయితే మాత్రం కాదు.

అమెరికాలోని మయామీ ఉదాహరణ చూడండి. అక్కడి బాస్కెట్‌బాల్ ఎరీనా కౌంటీ ప్రభుత్వానిది. 2021లో దాని పేరును 19 ఏళ్లకు 13.5 కోట్ల డాలర్లకు ఎఫ్‌టీఎక్స్ అనే క్రిప్టో కంపెనీకి అమ్మారు. అందులో కౌంటీ వాటాను తుపాకీ హింసను తగ్గించే పనులకు ఖర్చు చేయాలనుకున్నారు. 2022 నవంబరులో ఆ కంపెనీ దివాలా తీసింది. పేరు అమ్ముకోవడంలో ఉన్న అసలు ప్రమాదం ఇదే: డబ్బు ఏటా వాయిదాల్లో వస్తుంది, కంపెనీ మునిగితే రాబడి ఆగిపోతుంది, పరువు తక్కువైన పేరు మాత్రం గోడమీద మిగులుతుంది. కానీ ఒప్పందం కాగితం మీద ఉంది కాబట్టి కౌంటీ దివాలా కోర్టుకు వెళ్లింది. 2023 జనవరిలో రద్దుకు అనుమతి వచ్చింది, బోర్డులు దిగాయి. ఏప్రిల్‌లో కసేయా అనే సాఫ్ట్‌వేర్ కంపెనీ 17 ఏళ్లకు 11.74 కోట్ల డాలర్లు ఇస్తానని ముందుకొచ్చింది. దివాలా నుంచి కొత్త పేరు దాకా ఆరు నెలలు కూడా పట్టలేదు.

వ్యక్తి పేరు పెట్టినప్పుడు గడువు ఉండదు, రద్దు షరతూ ఉండదు. దాన్ని మార్చాలంటే రాజకీయమే దారి. 2014 నవంబరులో శంషాబాద్ దేశీయ టెర్మినల్‌కు ఎన్టీఆర్ పేరు పెట్టాలని కేంద్రం నిర్ణయించగానే తెలంగాణ శాసనసభ దాన్ని వ్యతిరేకిస్తూ తీర్మానం చేసింది. ఒక్క పేరు మీద ఏకంగా శాసనసభే కదిలిందంటే, ఆ గౌరవానికి జనం ఎంత విలువిస్తారో తెలుస్తుంది. అందుకే దాన్ని చవకగా పంచకూడదంటాను.

అన్నిటికన్నా చేటు, రెండు పద్ధతులనూ కలపడం. ఉప్పల్ స్టేడియం మొదట విశాక ఇండస్ట్రీస్‌కు పేరు హక్కులు అమ్మి, ఆ సంస్థ పేరుతోనే మొదలైంది. తర్వాత రాజీవ్ గాంధీ స్టేడియం అయింది. ఆ వివాదం మధ్యవర్తిత్వానికీ కోర్టులకూ ఎక్కి ఏళ్ల తరబడి సాగింది. అమ్మిన పేరు మీద మళ్లీ గౌరవం ప్రకటిస్తే, కొన్నవాడికి నష్టం, ఎవరిని గౌరవించాలనుకున్నారో ఆ మనిషి పేరు వ్యాజ్యం కాగితాల్లోకి.

విమానాశ్రయం, వంతెన సంగతి వేరు. వాటి పేరు టికెట్ల మీద, పటాల మీద, దారి చెప్పే బోర్డుల మీద ఉంటుంది. పదేళ్లకోసారి మారితే ప్రయాణికుడే తికమకపడతాడు. కర్నూలు విమానాశ్రయానికి ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పేరు పెట్టడం నాకు సబబుగా తోస్తుంది: ఆయన ఆ సీమ మనిషి, చనిపోయి నూట డెబ్బై ఏళ్లు దాటింది, ఇక ఏ పార్టీ ఆయనను తనవాడిగా చెప్పుకోలేదు.

స్టేడియం పేరు అమ్మేవాళ్లు మాత్రం సంతకానికి ముందే మూడు షరతులు రాయించుకోవాలి: కొన్నేళ్ల సొమ్ము ముందుగా బ్యాంకు పూచీతో ఉండాలి, దివాలా తీసినా కుంభకోణంలో ఇరుక్కున్నా ఒప్పందం రద్దు చేసే హక్కు ఉండాలి, బోర్డులు దించే ఖర్చు కంపెనీదే కావాలి.