శాంపిల్ షర్ట్ పంపాలా, టెక్ ప్యాక్ ఇవ్వాలా?

నచ్చిన షర్ట్ కుట్టేవాళ్లకు పంపి "అచ్చం ఇలాగే కుట్టండి" అంటే పని త్వరగా మొదలవుతుంది, కాలర్ ఎంత గట్టిగా ఉండాలో చేత్తో పట్టుకుంటేనే తెలుస్తుంది. కానీ అది ఉతికిన షర్టా, కొత్తదా? కొత్తదాని పొడవు 76 సెంటీమీటర్లుండి, గుడ్డ 3 శాతం కుంచించుకుపోతే ఉతికాక రెండు సెంటీమీటర్ల పైనే తగ్గిపోతుంది.

టెక్ ప్యాక్ అంటే కొలతలు, కుట్లు, బొత్తాల వివరాలన్నీ రాసిచ్చే కాగితం. అందులో అయితే ఛాతీ కొలత చంకకు 2.5 సెంటీమీటర్ల కింద, బొత్తాలు పెట్టి, బల్లపై పరిచి, ఉతికాక 54, అటూ ఇటూ 1 అని రాసేయొచ్చు, పక్క కుట్టు మడతపెట్టి రెండు వరుసల్లో, అంగుళానికి 12 కుట్లు, బొత్తాం 18 లైన్, అంటే సుమారు 11.5 మిల్లీమీటర్లు, నాలుగు రంధ్రాలది అని కూడా.

నేనైతే టెక్ ప్యాకే ఇస్తాను. శాంపిల్ కూడా పెడితే అది కాలర్ కోసమేనని, కొలతల్లో తేడా వస్తే కాగితం మీదున్నదే లెక్కని తప్పకుండా రాయండి.