ఫొటో బిల్లుల్లో పోయిన నంబరు: లెక్కింపా, తేడానా, హాజరు పట్టీనా? ఏది మేలు?

రాణీగంజ్‌లో పైపులు, ఫిట్టింగులు అమ్మే దుకాణం ఒకటి అనుకుందాం. అక్కడ బిల్లులు ఇప్పటికీ పుస్తకంలోనే రాస్తారు. నెలాఖరుకు గుమస్తా దుకాణం కాపీలను ఫోనుతో ఫొటోలు తీసి వాట్సాప్‌లో అకౌంటెంట్‌కు పంపుతాడు. ఆగస్టు బిల్లులు RG/25-26/1041 నుంచి 1090 వరకు. అంటే యాభై బిల్లులు. వచ్చిన ఫొటోలూ యాభై.

చాలామంది ఇక్కడితో ఆపేస్తారు. చివరి నంబరులోంచి మొదటిది తీసేసి ఒకటి కలిపితే ఎన్ని బిల్లులు ఉండాలో తెలుస్తుంది. ఫొటోలు అన్నే ఉంటే పని అయిపోయినట్టే. రోజూ సాయంత్రం గల్లా కట్టేముందు, చేతిలో పుస్తకం ఉన్నప్పుడు ఈ లెక్కింపు చాలు. ఫొటోల మీద మాత్రం దీన్ని నమ్మలేం. ఒక బిల్లును రెండుసార్లు ఫొటో తీసి, ఇంకొకటి వదిలేస్తే మొత్తం యాభై యాభైగానే ఉంటుంది. ఒక తప్పు రెండోదాన్ని కప్పేస్తుంది. మన దుకాణం విషయంలో జరిగింది సరిగ్గా అదే, కానీ ఆ సంగతి లెక్కింపు చెప్పలేదు.

రెండో దారి, నంబర్లన్నీ ఎక్సెల్‌లో B కాలమ్‌లో కొట్టి, చిన్నదాని నుంచి పెద్దదానికి పేర్చి, పక్కపక్క వాటి తేడా చూడటం.

```
=B3-B2
```

ఒకటి వస్తే వరుస సరిగా ఉంది. రెండు వస్తే మధ్యలో ఒక నంబరు లేదు. సున్నా వస్తే అదే నంబరు రెండుసార్లు ఉంది. కంప్యూటర్‌లో బిల్లులు కొట్టే దుకాణం నుంచి శుభ్రమైన జాబితా వస్తే నేనూ ఇదే వాడతాను. వేల వరుసలున్నా నిమిషంలో తేలిపోతుంది. అయితే దీనికి అంకెలు అంకెలుగానే ఉండాలి, కాబట్టి ముందున్న RG/25-26/ తీసేయాలి. చిక్కు అక్కడే ఉంది. ఇదే యజమానికి కూకట్‌పల్లిలో KP వరుసతో ఇంకో కౌంటరు ఉండి, రెండు చోట్ల ఫొటోలూ ఒకే గ్రూపులో పడితే, RG వరుసలో లేని 1074ను KP వరుసలోని 1074 నింపేస్తుంది. ఖాళీ కనిపించకుండా పోతుంది. జీఎస్టీ నిబంధనలు ఒకటికి మించి వరుసలను అనుమతిస్తాయి. ఒక్కో నంబరు ఆ ఆర్థిక సంవత్సరంలో మళ్లీ రాకూడదు, పదహారు అక్షరాలు దాటకూడదు. కాబట్టి నంబరంటే ముందున్న అక్షరాలతో కలిపి మొత్తం. తోక ఒక్కటే నంబరు కాదు.

మూడోది హాజరు పట్టీ. బడిలో పేర్లు పిలిచినట్టే. ఫొటోలు చూడకముందే ఆ నెల మొదటి, చివరి నంబర్లు గుమస్తాను అడిగి, A కాలమ్‌లో యాభై నంబర్లూ పూర్తి రూపంలో దింపాలి. ఫొటోల్లో చదివినవి D కాలమ్‌లో. తర్వాత B కాలమ్‌లో ఇది:

```
=COUNTIF(D:D,A2)
```

సున్నా అంటే గైర్హాజరు, ఒకటి అంటే హాజరు, రెండు అంటే జంట. చూడబోతే తేడా పద్ధతి చెప్పిందే ఇదీ చెబుతున్నట్టు ఉంటుంది. కానీ నా ఓటు దీనికే. తేడా పద్ధతిలో లేని బిల్లుకు వరుసే ఉండదు. రెండు వరుసల మధ్య ఒక అంకె ఉంటుంది, అంతే. పట్టీలో లేని బిల్లుకూ ఒక గడి ఉంటుంది. దాని పక్కన ఎందుకు లేదో రాయవచ్చు, ఎవరిని అడిగామో రాయవచ్చు. పైగా 1068ని ఎవరైనా 7068 అని చదివితే, తేడా పద్ధతి వరుసను ఏడు వేల దాకా లాక్కెళుతుంది. పట్టీ మాత్రం 1068 లేదని సూటిగా చెబుతుంది. ఆ 7068 ఎక్కడా కుదరక D కాలమ్‌లో మిగిలిపోతుంది కాబట్టి, D నుంచి A వైపు కూడా ఒకసారి ఎదురు సరిచూడాలి.

మన యాభై ఫొటోలకు పట్టీ వేస్తే నాలుగు చోట్ల తేడా వచ్చింది. 1057, 1074 దగ్గర సున్నా. 1051, 1062 దగ్గర రెండు.

ఇక్కడ తొందరపడి గుమస్తాకు ఫోను చేయకూడదు. ముందు జంటలను తెరిచి చూడాలి. 1062 ఫొటోలు రెండింటిలో తేదీ, కొనుగోలుదారు, మొత్తం ఒకటే. ఒకటి కొంచెం వంకరగా తీసింది. అది నిజమైన జంట, ఒకటి తీసేయవచ్చు. 1051 ఫొటోలు అలా లేవు. ఒకదాని తేదీ 8, ఇంకొకదానిది 12. కొనుగోలుదారులు కూడా వేరు. 1056, 1058 రెండూ 12వ తేదీవే. అంటే ఆ రెండోది 1057. నంబరు అచ్చులో సిరా సరిగా పడక ఏడు ఒకటిలా కనిపించింది. ఒక నంబరు లేకపోవడం, దాన్ని పోలిన ఇంకొకటి రెండుసార్లు రావడం కలిసి కనిపిస్తే తొంభై పాళ్లు అది చదవడంలో పొరపాటే. చేత్తో కొట్టినా, ఫొటోలోని అక్షరాలను సాఫ్ట్‌వేర్ చదివినా ఇది తప్పదు. 1, 7 ఒక జంట, 3, 8 ఇంకో జంట. వాట్సాప్‌లో ఫొటోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపమంటే బొమ్మ నలగదు, సగం పొరపాట్లు అక్కడే తగ్గుతాయి. వేలు నంబరు మీద పెట్టి ఫొటో తీసేవాళ్లకు మాత్రం మందు లేదు.

ఇక మిగిలింది 1074. ఇప్పుడు ఫోను చేయాలి. అడగాల్సింది "ఆ బిల్లు ఉందా" అని కాదు, "పుస్తకంలో ఎన్ని కాపీలు ఉన్నాయి" అని. సరుకు బిల్లు మూడు కాపీల్లో ఉంటుంది: కొనేవారికి అసలు, రవాణాకు రెండోది, దుకాణానికి మూడోది. మూడూ అడ్డగీతతో పుస్తకంలోనే ఉంటే అది రద్దయిన బిల్లు. మూడూ ఒకే ఫొటోలో తీయించి పట్టీలో ఆ గడి పక్కన పెడితే సరి. దుకాణం కాపీ ఒక్కటే గీత కొట్టి ఉండి, అసలు కనిపించకపోతే అది రద్దు అని నేను ఒప్పుకోను. బిల్లు బయటికి వెళ్లిందంటే సరుకూ వెళ్లి ఉండవచ్చు. ఆ రోజు స్టాకు, ఈ-వే బిల్లు, ఖాతాదారుడి పేరు మీద వచ్చిన డబ్బు చూడాలి. గుమస్తా దాన్ని దాచాడని అనడానికి తొందర వద్దు. మామూలుగా ఆ కాపీ డ్రైవర్ దగ్గరో, గోడకున్న తీగకో ఉంటుంది.

కంప్యూటర్ బిల్లుల్లో ఇదే తేడా ఇంకో రూపంలో వస్తుంది. టాలీలో Alt+X నొక్కితే బిల్లు రద్దవుతుంది, నంబరు నిలుస్తుంది. Alt+D నొక్కితే బిల్లే చెరిగిపోతుంది; పట్టీలో ఖాళీ మిగిలితే, చెప్పడానికి కాగితం కూడా ఉండదు.

మన దుకాణంలో 1074 కాపీలు మూడూ అడ్డగీతతో దొరికాయి. అమ్మకాల రిటర్ను జీఎస్టీఆర్-1లోని 13వ పట్టికలో రాయాల్సింది హాజరు పట్టీ నుంచే వచ్చేసింది: 1041 నుంచి 1090, మొత్తం 50, రద్దు 1, నికరం 49. లెక్కింపు ఒక్కదాన్నే నమ్మి ఉంటే రద్దు గడిలో సున్నా పడేది.

పట్టీకీ ఒక గుడ్డి చోటు ఉంది. చివరి నంబరు 1090 అని గుమస్తా చెప్పాడు కాబట్టే పట్టీ అక్కడ ఆగింది. 31వ తేదీ రాత్రి రాసిన 1091, 1092 ఫొటోలు రాకపోతే మూడు పద్ధతుల్లో ఏదీ పట్టుకోదు. అందుకే సెప్టెంబరు మొదటి బిల్లు ఫొటో వచ్చేదాకా ఆగస్టు పట్టీని మూయను. అది 1091 అయితే ఆగస్టు ముగిసింది, 1093 అయితే పట్టీకి ఇంకో రెండు వరుసలు కలపాలి. జీఎస్టీఆర్-1 గడువు తర్వాతి నెల 11 కాబట్టి, నెలనెలా వేసే దుకాణానికి దీనికి సమయం ఉంటుంది.