ఆర్‌ఎస్‌ఐని చాలా ఏళ్లు వాడాక: అది కొలిచేది ఏమిటి, కొలవనిది ఏమిటి

రోజువారీ చార్టు కింద ఆర్‌ఎస్‌ఐ, అంటే రిలేటివ్ స్ట్రెంగ్త్ ఇండెక్స్ అనే సూచిక గీతను పెట్టుకుని నిఫ్టీనీ, కొన్ని షేర్లనూ చాలా ఏళ్లుగా గమనిస్తున్నాను. ఇప్పటికీ దాన్ని తీసివేయలేదు. అయితే కొత్తగా మార్కెట్‌లోకి వచ్చినవారు దాని నుంచి ఆశించే పని వేరు, అది నిజంగా చేసే పని వేరు. 70 దాటితే అమ్మాలి, 30 దిగితే కొనాలి అన్న ఒక్క వాక్యంతో దాన్ని పరిచయం చేయడమే ఈ తేడాకు చాలావరకు కారణమని నా అభిప్రాయం.

అమెరికాకు చెందిన వెల్స్ వైల్డర్ 1978లో ఈ సూచికను ప్రచురించారు. దాని సూత్రం ఇది:

```
RSI = 100 - 100 / (1 + RS)
```

ఇందులో RS అంటే సగటు పెరుగుదలను సగటు తగ్గుదలతో భాగించగా వచ్చే సంఖ్య. ముగింపు ధర ముందు రోజుకంటే ఎన్ని రూపాయలు పెరిగిందో ఒక సగటులోకి, ఎన్ని రూపాయలు తగ్గిందో మరో సగటులోకి వెళ్తాయి. సూత్రాన్ని కాస్త సరళీకరిస్తే, మొత్తం కదలికలో పెరుగుదల వాటా ఎంత శాతమో చెప్పేదే ఆర్‌ఎస్‌ఐ అని తేలుతుంది. సగటు పెరుగుదల 6 రూపాయలు, సగటు తగ్గుదల 2 రూపాయలు అయితే విలువ 75. అవే 60 పైసలు, 20 పైసలు అయినా విలువ 75 మాత్రమే. అంటే షేరు ఎంత వేగంగా కదిలిందో ఈ అంకె చెప్పదు. కంపెనీ విలువతో పోలిస్తే ధర ఎక్కువో తక్కువో అసలే చెప్పదు. 70 దాటిన స్థితికి పెట్టిన ‘ఓవర్‌బాట్’ అనే పేరు చూసి షేరు ఖరీదైపోయిందని అనుకోవడం ఇక్కడే మొదలవుతుంది.

వైల్డర్ పద్ధతిలో సగటును లెక్కించే తీరును కూడా తెలుసుకోవాలి. 14 రోజుల సెట్టింగ్‌లో నిన్నటి సగటును 13తో గుణించి, ఈరోజు మార్పును కలిపి, 14తో భాగిస్తారు. కాబట్టి 15వ రోజున పాత రోజు ఒక్కసారిగా లెక్కలోంచి జారిపోదు. దాని ప్రభావం క్రమంగా సన్నగిల్లుతూ చాలాకాలం ఉంటుంది. ఒకే షేరుకు రెండు చార్టుల్లో ఆర్‌ఎస్‌ఐ కొద్దిగా తేడాగా కనిపించడానికి తరచు కారణం ఇదే: ఒకటి ఎక్కువ పాత ధరల నుంచి, మరొకటి ఇటీవలి ధరల నుంచి లెక్క మొదలుపెట్టి ఉంటుంది. లెక్కకు వందకు పైగా రోజుల ధరలు అందితే ఈ తేడా దాదాపు మాయమవుతుంది.

ఈ లెక్కలోంచి పుట్టే ఒక విషయాన్ని చాలామంది గమనించరు. ధర ఏమాత్రం మారని రోజున రెండు సగటులూ ఒకే నిష్పత్తిలో తగ్గుతాయి గనుక ఆర్‌ఎస్‌ఐ ఉన్నచోటే ఉంటుంది. ధర పెరిగిన రోజున అది పెరుగుతుంది, తగ్గిన రోజున తగ్గుతుంది. అందువల్ల ‘ఆర్‌ఎస్‌ఐ 80కి చేరింది కాబట్టి ధర దిగిరావాలి’ అనే మాటకు లెక్కలో ఆధారం లేదు. నిజానికి ధర దిగితేనే అంకె దిగుతుంది.

ఇక డైవర్జెన్స్ సంగతి. ధర కొత్త గరిష్ఠానికి చేరినా ఆర్‌ఎస్‌ఐ పాత గరిష్ఠాన్ని అందుకోకపోతే పతనం రాబోతోందని చెబుతారు. నాకు అన్నిటికంటే పేచీ ఉన్నది ఈ పాఠంతోనే, కనుక ఒక ఊహాత్మక లెక్కను పూర్తిగా వేసి చూపుతాను. షేరు ధర 1,000 రూపాయలు, సగటు పెరుగుదల 8, సగటు తగ్గుదల 2, అంటే ఆర్‌ఎస్‌ఐ 80 అనుకుందాం. మరుసటి రోజు షేరు 28 రూపాయలు పడి 972 దగ్గర ముగిసింది. సగటు పెరుగుదల 7.43కి, సగటు తగ్గుదల 3.86కి మారి ఆర్‌ఎస్‌ఐ సుమారు 66కు వస్తుంది. ఆ తర్వాత షేరు రోజుకు 7 రూపాయల చొప్పున ఆగకుండా ఐదు రోజులు పెరిగింది. ధర ఇప్పుడు 1,007, అంటే కొత్త గరిష్ఠం. కానీ ఆర్‌ఎస్‌ఐ సుమారు 73 మాత్రమే.

పుస్తకాల్లో బొమ్మ గీసి చూపే బేరిష్ డైవర్జెన్స్ సరిగ్గా ఇదే. దాన్ని నమ్మి 1,007 దగ్గర షార్ట్ చేసినవారు, అంటే ధర పడ్డాక తిరిగి కొనవచ్చని ముందే అమ్మినవారు, ఏం చూస్తారో చూడండి. షేరు అదే రోజుకు 7 రూపాయల నడకతో మరో ఆరు రోజులు సాగితే ధర 1,049 అవుతుంది, ఆర్‌ఎస్‌ఐ 80 దాటి 81 దగ్గరకు చేరి డైవర్జెన్స్ చెరిగిపోతుంది. ఈ పదకొండు రోజుల్లో కొనుగోళ్ల బలం ఒక్క రోజైనా తగ్గలేదు. ఆర్‌ఎస్‌ఐ వెనకబడటానికి కారణం నడుమ వచ్చిన ఆ ఒక్క 28 రూపాయల పతనం. దాని జ్ఞాపకం సగటులోంచి పోవడానికి అన్ని రోజులు పట్టింది, అంతే. కనుక డైవర్జెన్స్ కనిపించినప్పుడు నేను మొదట రెండు గరిష్ఠాల మధ్య ఏం జరిగిందో చూస్తాను. ఒక్క రోజు పెద్ద పతనం తర్వాత నిలకడైన పెరుగుదల ఉంటే దాన్ని పట్టించుకోను. పెరిగే రోజులు ఒక్కొక్కటిగా చిన్నవవుతూ, తగ్గే రోజులు పెద్దవవుతూ ఉంటే అప్పుడు నష్టం పెరగకుండా అమ్మేయడానికి ముందే పెట్టుకున్న స్టాప్‌లాస్‌ను ధరకు దగ్గరగా జరుపుతాను. అంతకుమించి దాని ఆధారంగా షార్ట్ చేయను.

30 దిగువన కొనే అలవాటు మరింత ప్రమాదకరం. 2020 ఫిబ్రవరి 28న నిఫ్టీ 11,201 దగ్గర ముగిసే సమయానికి రోజువారీ ఆర్‌ఎస్‌ఐ 30 కిందకు వెళ్లింది. మార్చి మొదటి రోజుల్లో సూచీ కొద్దిగా కోలుకున్నట్లు కనిపించి, కొన్నవారికి ధైర్యం కూడా ఇచ్చింది. మార్చి 23న అది 7,610 దగ్గర ముగిసింది. అంటే ఓవర్‌సోల్డ్ అన్న స్థాయి నుంచి మరో 32 శాతం పతనం. అక్కడ సూచిక తప్పు చెప్పలేదు. ఇటీవలి కదలికలో తగ్గుదల వాటా చాలా ఎక్కువగా ఉందని చెప్పింది, అది నిజమే. బలమైన ట్రెండ్‌లో ఆర్‌ఎస్‌ఐ ఒక వైపునే ఉండిపోతుంది: పెరిగే మార్కెట్‌లో దిద్దుబాట్లు వచ్చినా 40 దగ్గరే ఆగుతుంది, పడే మార్కెట్‌లో 60 దాటడమే కష్టమవుతుంది. నాకు 70, 30 గీతలకంటే ఈ 40, 60 ఎక్కువ ఉపయోగపడ్డాయి. కొన్ని నెలలుగా 40 దిగని షేరు ఒకసారి 35కు వస్తే దాని స్వభావం మారుతోందేమో అని చూస్తాను. పక్కకు నడిచే షేర్లలో మాత్రం 70, 30 గీతలు ఒక మేరకు పనికివస్తాయి.

స్టోకాస్టిక్, ఎంఏసీడీ అనే మరో రెండు సూచికలను కూడా జతచేసి ‘మూడూ ఒకే మాట చెబుతున్నాయి’ అని తృప్తిపడేవారు ఉన్నారు. ఒకే సాక్షి మూడు చొక్కాలు మార్చుకుని మూడుసార్లు బోనెక్కితే సాక్ష్యం బలపడదు. ఈ మూడూ అవే ధరల నుంచి పుట్టినవి. పైగా అవి కొలిచేవి వేరు. గత 14 రోజుల కనిష్ఠం 500, గరిష్ఠం 520, నేటి ముగింపు 518 అయితే స్టోకాస్టిక్ విలువ 90. అది ఆ చిన్న పరిధిలో ధర ఎక్కడ ఉందో మాత్రమే చెబుతుంది కనుక అదే రోజు ఆర్‌ఎస్‌ఐ 55 ఉన్నా వైరుధ్యం లేదు. ఎంఏసీడీ రెండు సగటు ధరల మధ్య తేడాను రూపాయల్లో చూపుతుంది, దానికి పైహద్దు లేదు. కనుక దానికి ఓవర్‌బాట్ స్థాయి అంటూ ఒకటి ఉండదు.

చివరగా సెట్టింగ్‌లతో సంబంధం లేని ఒక జాగ్రత్త. ఒకటికి ఒకటి బోనస్ ఇచ్చిన షేరు ధర, ఆ బోనస్ ధరలో సర్దుబాటయ్యే ఎక్స్ తేదీన సగానికి సగం తగ్గి కనిపిస్తుంది. పాత ధరలను చార్టు సవరించకపోతే ఆర్‌ఎస్‌ఐ దాన్ని నిజమైన పతనంగానే లెక్కిస్తుంది. పై ఉదాహరణలోని 1,000 రూపాయల షేరు 500 అయితే 80 ఉన్న విలువ ఒక్క రోజులో 16 దగ్గరకు పడిపోతుంది. అలాంటి అంకె కనిపించినప్పుడు వార్తలకంటే ముందు ఆ షేరు ఎక్స్ తేదీని చూడాలి.